హీరో కలలోకి వస్తున్నాడు.. ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 29. మాది మక్తల్ దగ్గర పల్లె. రెండు నెలలుగా ఒక పెద్ద హీరో తరచూ తెల్లవారుజామున కలలోకి వస్తున్నాడు. చేతిలో బ్యాగుతో మా గుమ్మంలో నిలబడతాడు. నేను మాట్లాడేలోపే బస్సెక్కి వెళ్లిపోతాడు. మెలకువ రాగానే ఏడుపొస్తుంది. నేను ఆయన అభిమానిని కూడా కాదు. పెళ్లయినదాన్ని, ఎవరికీ చెప్పుకోలేను. మా నాన్న చాలా ఏళ్లు బొంబాయిలో మేస్త్రీ పనిచేసి, ఉగాదికి పూర్తిగా ఇంటికొచ్చేశారు. ఇంట్లో వేరే టెన్షన్లు లేవు. ఇదేమైనా జబ్బా?
– ఒక పాఠకురాలు

జవాబు: జబ్బు కాదమ్మా. ఇందులో సిగ్గుపడాల్సిందీ లేదు. హీరో కలలోకి వస్తే అది ఆయన మీద కోరికేనని అనుకోవద్దు. తెల్లవారుజామున వచ్చిందంటే నిజమవుతుందనీ భయపడొద్దు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి గడిచేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. తరచూ అందులోంచే లేస్తాం కాబట్టి ఆ కలలు బాగా గుర్తుంటాయి.

హీరో గురించి మనకు చాలా తెలుసు, మనం ఉన్నామన్న సంగతి ఆయనకు తెలియదు. దగ్గరితనమంతా ఒకవైపే. మన జీవితంలో ఎవరితోనైనా అలాంటి దూరం ఉంటే, వాళ్లు ఆ హీరో ముఖంతో కలలోకి రావచ్చు. కలలో రాజు, రాణి కనిపిస్తే సాధారణంగా తల్లిదండ్రులకు గుర్తు అని మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ చెప్పాడు. కలలోని మనిషి మనలోనే ఉన్న ఒక గుణం కావచ్చని మరో మనస్తత్వ శాస్త్రవేత్త యూంగ్ అన్నాడు. ఏది వర్తిస్తుందో కల కన్నవాళ్లే తేల్చాలి. హీరో కనిపిస్తే ఫలానా ఫలితం అని చెప్పే కలల పుస్తకాలు ఇక్కడ పనికిరావు.

మీరు అడిగింది హీరో గురించి, కానీ నాన్న ప్రస్తావన మీరే తెచ్చారు. బ్యాగు, గుమ్మం, బస్సు సినిమావాళ్ల గుర్తులు కావు. పాలమూరు వలస ఇళ్లలో పిల్లలు పండగకు చూసేవి అవే. నాన్న వస్తారు, నాలుగు రోజులుంటారు, మాటలు కలిసేలోపు బస్సు టైమవుతుంది. ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నారు. మాట్లాడే అలవాటు మాత్రం ఇద్దరికీ లేకపోయి ఉండొచ్చు. ఆ ఏడుపు అక్కడిదేమోనని నాకనిపిస్తోంది.

ఇది నా ఊహే, మీరు సరిచూసుకోండి. కల వచ్చిన రోజు లేవగానే, ఫోన్ చూడకముందే, ఆ హీరో అనగానే తోచే గుణాలు నాలుగు కాగితం మీద రాయండి. తర్వాత ఆయన పేరు కొట్టేసి, ఇవి ఇంకెవరికి సరిపోతాయో చూడండి. సరైన మనిషి తగిలితే ఏదో ఒక పాత జ్ఞాపకం దానంతటదే వస్తుంది. ఏమీ కదలకపోతే నా మాట వదిలేయండి. అప్పుడు, ఆయనలో మీకు నచ్చిన గుణం ఏదైనా మీరు మీలో అణచుకున్నారేమో ఆలోచించండి.

నాన్నే అనిపిస్తే కల సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు. సాయంత్రం పక్కన కూర్చొని, అక్కడ ఏ పని చేసేవారు, ఎక్కడ ఉండేవారు, ఎవరు వండేవారు అని అడగండి. ఆయన ఒకటి రెండు మాటలతో ఆపేసినా మర్నాడు మళ్లీ అడగండి.

మెలకువలో కూడా ఆ హీరో మీకు సైగలు పంపుతున్నాడని, మిమ్మల్ని ప్రేమిస్తున్నాడని గట్టిగా అనిపిస్తే అది వేరే సమస్య. కలలకు భయపడి వారాల తరబడి నిద్ర మానేస్తున్నా, పగలంతా దిగులుగా ఉంటున్నా ఆలస్యం చేయొద్దు. మహబూబ్‌నగర్‌లో సైకియాట్రిస్టును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.