సీఏ ఇంటర్: 147 మార్కుల తరువాత

అమ్మాయీ,

నీ మార్కుల జాబితా చూశాను. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ 63, లా 38, ట్యాక్స్ 46. మొత్తం 147. గ్రూపు పోయిందని మీ అమ్మ దిగులుపడుతోంది కానీ, ఈ మూడు అంకెల్లో మొదటిదాన్ని ఎవరూ సరిగ్గా చూసినట్టు లేదు. ముందు దాని సంగతి చెబుతాను.

గ్రూపులోని పేపర్లన్నీ రాసి గ్రూపు తప్పినా, ఏదైనా పేపరులో 60 లేదా అంతకు మించి వస్తే దానికి ఎగ్జంప్షన్ ఉంటుంది. తరువాతి మూడు అటెంప్టుల దాకా ఆ పేపరు మళ్లీ రాయనక్కరలేదు, ఆ మార్కులు మొత్తంలో కలుస్తాయి. గ్రూపు గట్టెక్కడానికి ఒక్కో పేపరులో 40, మొత్తం మీద 150 కావాలి కదా. నీ చేతిలో 63 ఉన్నాయి. అంటే లా, ట్యాక్స్ కలిపి 87 తెచ్చుకుంటే చాలు. అకౌంట్స్‌లో 59 వచ్చి ఉంటే మూడు పేపర్లూ మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చేది.

అయితే గడువు సంగతి మరిచిపోకు. ఏడాదికి రెండుసార్లే పరీక్షలు జరిగిన రోజుల్లో మూడు అటెంప్టులంటే ఏడాదిన్నర. 2025 నుంచి ఇంటర్ జనవరి, మే, సెప్టెంబరుల్లో జరుగుతోంది కాబట్టి, మొన్న సెప్టెంబరులో వచ్చిన ఎగ్జంప్షన్ వచ్చే సెప్టెంబరుతో సరి. ఆ తరువాత దాన్ని శాశ్వతంగా నిలుపుకునే వీలుంది కానీ, అప్పుడు మిగిలిన ఒక్కో పేపరులోనూ 50 తెచ్చుకోవాలి. ఇప్పుడు 87తో అయ్యే పని అప్పుడు 100కు పెరుగుతుంది.

జనవరిలోనే రెండో గ్రూపు కూడా కలిపి రాస్తానంటున్నావట. రెండూ కలిపి రాస్తే ఒక గ్రూపులోని మిగులు రెండోదాని లోటు పూడుస్తుంది, నిజమే. రెండు గ్రూపులూ అయితే గానీ ఆర్టికల్‌షిప్ మొదలుకాదన్న నీ తొందర కూడా అర్థమైంది. కానీ మధ్యలో ఉన్నది రెండు నెలలు. కాస్టింగ్, ఆడిటింగ్, ఎఫ్‌ఎం మూడూ కొత్తవి. ఐదు పేపర్లు అరకొరగా చదివితే ఎందులోనూ 60 రాదు. జనవరిలో లా, ట్యాక్స్ మాత్రమే రాయి. రాసిన మర్నాడే, ఫలితాల కోసం చూడకుండా, కాస్టింగ్ మొదలుపెట్టు. రెండో గ్రూపు మేలో.

ఇక ఈ రెండు నెలలు ఎలా పంచుకోవాలి? 87ను సగం చేసి రెండింటికీ సమానంగా కష్టపడాలనిపిస్తుంది. నేనైతే ట్యాక్స్‌కు 60 గురిపెట్టమంటాను. ట్యాక్స్‌లో 60 వస్తే మొత్తం మార్కుల దిగులు తీరుతుంది, ఆపైన లాలో 40 చాలు. పైగా ఫైనాన్స్ యాక్ట్ పన్ను నిబంధనలను ఏటా మారుస్తుంది కాబట్టి ట్యాక్స్‌ను వాయిదా వేసేకొద్దీ చదివిందే మళ్లీ సరిచూసుకోవాలి. సగం మార్కులు జీఎస్టీవే. దాన్ని చివరి వారానికి నెట్టకు.

లాలో లోపం చదవడంలో కాదు, రాయడంలో ఉందని నా అనుమానం. నీ జవాబుపత్రం సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టు, గడువు ఫలితాలు వచ్చిన ముప్పై రోజులే. పోయినసారి నువ్వు నా ముందు రాసిన ప్రశ్న గుర్తుందా? ఒక కంపెనీ ఒకే ఏడాదిలో 230 మందికి ప్రైవేట్ ప్లేస్‌మెంట్ కింద షేర్లు ఇవ్వజూపింది, అందులో 40 మంది ఈసాప్ కింద తీసుకునే ఉద్యోగులు. నువ్వు ‘200 దాటింది కాబట్టి చెల్లదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. సెక్షన్ 42 ప్రకారం ఆర్థిక సంవత్సరానికి 200 మంది పరిమితి అని, అందులో అర్హతగల సంస్థాగత కొనుగోలుదారులూ ఈసాప్ ఉద్యోగులూ లెక్కలోకి రారని ముందు రాయాలి. తరువాత 230లో 40 తీసేస్తే 190 అని చూపాలి. అప్పుడు చెల్లుతుందని తేల్చాలి. సూత్రం, అన్వయం, ముగింపు. ఈ మూడూ విడివిడిగా కనబడితే, ముగింపు ఎప్పుడైనా తప్పినా మొదటి రెండింటికి కొంత దక్కుతుంది.

రోజుకు ఇలాంటివి నాలుగు, పుస్తకం మూసి చేత్తో రాసి, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సజెస్టెడ్ ఆన్సర్లతో పోల్చుకో. కంపెనీ లా, ఎల్‌ఎల్‌పీ లా కలిపి 70 మార్కులు కాబట్టి రోజూ రాసే నాలుగింటిలో మూడు ఆ భాగం నుంచే ఉండాలి. వీడియోలు ఎన్ని చూసినా ఈ పనికి బదులు కావు. ముప్పై మార్కుల మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలకు తప్పు జవాబుకు కోత లేదు, ఒక్కటీ ఖాళీగా వదలకు.

జనవరి ఫారం గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఇవాళే నింపి, ఫారంలో ఎగ్జంప్షన్ పేపరు సరిగ్గా చూపిందో లేదో చూసి, నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న