బడ్జెట్ లేదన్నారు, నిజంగా కారణం అదేనా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. బీకాం ఫైనలియర్. ఏడాదిన్నరగా కొత్తపేటలో ఒక స్వీట్ షాపుకి ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు, రీల్స్ చేస్తున్నాను. నెలకు 8 వేలు ఇచ్చేవారు. మొన్న ఓనర్ "బడ్జెట్ లేదు బాబూ, ఈ నెలతో ఆపేద్దాం" అన్నారు. నాకైతే నమ్మకం కుదరడం లేదు. అసలు కారణం అడగొచ్చా? బతిమాలుతున్నాడని అనుకుంటారేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అడగండి, కానీ ఇప్పుడే వద్దు. ముందు మీకు రావాల్సిన డబ్బు తీసుకోండి. పేజీ పాస్‌వర్డు, డిజైన్ ఫైళ్లు వాళ్లకి అప్పగించేయండి. లెక్క తేలనంత వరకు ఆయన ఆచితూచి మాట్లాడతారు, మీకూ మనసులో డబ్బే ఉంటుంది. అన్నీ తేలాక ఓ వారం పది రోజులకు వెళ్లండి. రెండు మూడు నెలలు ఆగితే మాత్రం ఆయనకు వివరాలు గుర్తుండవు, "ఏదోలే బాబూ" అనే మాటే మిగులుతుంది.

సాయంత్రం గల్లాపెట్టె దగ్గరికి వెళ్లొద్దు. కస్టమర్లు వింటుంటే ఎవరూ మనసులో మాట చెప్పరు. మధ్యాహ్నం బేరం పలచగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు అడగండి. కూర్చోగానే "అంకుల్, పని మళ్లీ ఇవ్వమని రాలేదు. వేరేచోట ఇదే తప్పు చేయకూడదని తెలుసుకుందామని వచ్చాను" అనేయండి. అన్నాక ఆ మాట మీద నిలబడాలి. మధ్యలో "పోనీ 6 వేలకు చేస్తా" అన్నారంటే అది బేరమైపోతుంది. ఇక ఆయన నోటి నుంచి వచ్చేది బడ్జెట్ మాటే.

"ఎందుకు ఆపేశారు?" అని కూడా అడక్కండి. దానికి మర్యాదైన జవాబు ఆయన దగ్గర ఇప్పటికే సిద్ధంగా ఉంది. "ఆపేద్దామని మొదటిసారి ఎప్పుడు అనిపించింది అంకుల్? అప్పుడు ఏం జరిగింది?" అనండి. కారణం అడిగితే మనుషులు ఏదో ఒకటి అల్లి చెబుతారు, జరిగింది అడిగితే గుర్తు చేసుకుంటారు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఇంజినీరింగ్ అమ్మాయి సంగతి చెబుతాను. అమీర్‌పేటలో ఒక చీరల షాపుకి పోస్టర్లు చేసేది. వాళ్లూ "సీజన్ డల్‌గా ఉంది" అనే ఆపేశారు. ఈ ప్రశ్న అడిగితే ఆయన కాసేపు ఆలోచించి "ఆషాఢం సేల్ అప్పుడమ్మా" అన్నాడట. గురువారం రాత్రి తను పోస్టర్ పంపింది. ఆయన ఒక ధర మార్చమన్నాడు. ఆ అమ్మాయికి శుక్రవారం పరీక్ష, మార్చి పంపింది శనివారం మధ్యాహ్నం. ఈలోగా ఆయన మేనల్లుడు ఫోన్‌లోనే ఒకటి చేసి పెట్టేశాడు. అందంగా లేదు, కానీ టైముకి పడింది. సీజన్ మాట ఆ తర్వాత రెండు నెలలకు వచ్చింది. ఆ అమ్మాయేమో తన డిజైన్లు నచ్చలేదనుకుని కొత్త కోర్సుకి ఫీజు కట్టబోతోంది!

బడ్జెట్ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంకో ప్రశ్న ఉంది. "ఇప్పుడు పేజీ ఎవరు చూస్తున్నారు అంకుల్?" అని మామూలుగా అడగండి. ఎవరూ చూడకపోతే డబ్బు ఇబ్బంది నిజమే కావచ్చు, లేదా ఆ పోస్టుల వల్ల షాపుకి లాభం కనబడలేదేమో. "పోస్టులు చూసి ఎవరైనా వచ్చారా?" అన్నది అక్కడే అడగాలి. ఇంకొకరికి దాదాపు అంతే డబ్బు ఇస్తుంటే, కారణం బడ్జెట్ కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆయన "నువ్వు లేట్ చేశావ్" అంటారు. మీ నోట్లోంచి "మీరే కదా అంకుల్ ఫొటోలు లేట్‌గా పంపారు" అని వచ్చేస్తుంది. అది నిజమే అయినా సరే, ఆ మాటతో ఆయన తలుపులు మూసేసుకుంటారు. "ఇంకా ఏమైనా ఉందా అంకుల్?" అని ఆగండి. ఆ మౌనం ఇబ్బందిగానే ఉంటుంది, దాన్ని మీరు నింపకండి. చాలాసార్లు అసలు మాట దాని తర్వాతే బయటికొస్తుంది.

బయటికి రాగానే ఆయన అన్నది అన్నట్టే రాసుకోండి, మీ భాషలోకి మార్చకండి. రాత్రికి వాట్సాప్‌లో ఆ తేదీల చాట్ తీసి పక్కన పెట్టి చూడండి. ఆయన చెప్పింది మొత్తం నిజమని కాదు, ఆయనకు గుర్తున్నది అది. రెండూ కలిసిన చోట మీరు దిద్దుకోవాల్సింది ఉంటుంది. రోజూ మీతో మాట్లాడింది ఓనర్ కాక వాళ్లబ్బాయో మేనేజరో అయితే, వాళ్లనీ ఓసారి విడిగా కదిలించండి. ఒక్కోసారి ఓనర్‌కి అందింది వాళ్ల మాటే.

ఆయన ఏమీ చెప్పకపోతే రెండోసారి గుచ్చి అడగొద్దు, టీ తాగి వచ్చేయండి.

ఆ చీరల షాపు ఓనర్ మళ్లీ ఆ అమ్మాయికి పని ఇవ్వలేదు. తను కోర్సులో చేరలేదు. ఇప్పుడు చేస్తున్న ఇద్దరు క్లయింట్లకు మాత్రం పరీక్షల తేదీలు ముందే పంపిస్తోంది. సేల్ పోస్టర్ అయితే రెండు రోజుల ముందే ఇచ్చి, ధరలు వాళ్లే మార్చుకునేలా ఫైలు కూడా ఇచ్చేస్తోంది.