కూపన్ టెస్ట్ కేసులన్నీ పాసయినా ప్రొడక్షన్‌లో బగ్‌లు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: మా షాపింగ్ యాప్‌లో కూపన్ మాడ్యూల్ టెస్టింగ్ నాకు ఇచ్చారు. గడువు, వాడకం పరిమితి, రెండు కోడ్‌లు కలిపి వాడటం, కనీస కార్టు విలువ... ఒక్కోదానికి విడిగా కేసులు రాశాను. అన్నీ పాసయ్యాయి. లైవ్‌కి వెళ్లాక మాత్రం బగ్‌లు వస్తూనే ఉన్నాయి. ఏం వదిలేస్తున్నాను?

జవాబు:

ముందు మీ ఫెయిల్ అవ్వాల్సిన కేసులు ఏ కారణంతో ఫెయిల్ అవుతున్నాయో చూడండి. గడువు తీరిన కోడ్‌ని 500 రూపాయల కార్టు మీద పెట్టి, "కూపన్ రాలేదు, టెస్ట్ పాస్" అనుకుంటే సరిపోదు. ఆ కోడ్‌కి కనీసం 999 ఉండాలన్న రూలు ఉంటే అది దానివల్లే ఆగి ఉండొచ్చు, గడువు తనిఖీ అసలు జరగకపోయి ఉండొచ్చు. కాబట్టి ప్రతి నెగెటివ్ కేసులో ఒక్క రూలే తప్పాలి, మిగతావన్నీ ఒప్పుగా ఉండాలి. ఏపీఐ తిరిగిచ్చే కారణం కోడ్‌ని కూడా అసర్ట్ చేయాలి. అసలు కారణం కోడే ఇవ్వట్లేదంటే డెవలపర్‌ని అడిగి పెట్టించుకోండి. అది లేకుండా ఈ మాడ్యూల్‌ని నమ్మకంగా టెస్ట్ చేయలేరు.

ఇక అసలు బగ్‌లు దొరికేది రెండు రూల్స్ కలిసే చోట. ఒక కార్టు తీసుకుందాం: 600 చొక్కా, 450 టవల్ సెట్, మొత్తం 1,050. `UGADI200` అంటే 200 తగ్గింపు, కనీస కార్టు 999. `NEW10` అంటే 10 శాతం, గరిష్ఠంగా 150, కనీస విలువ ఏమీ లేదు. రెండూ కలిపి వాడొచ్చు.

`NEW10` ముందు పెడితే 105 తగ్గి 945 అవుతుంది. కనీస విలువను ఈ 945 తో పోలిస్తే `UGADI200` చెల్లదు, కస్టమర్ 945 కడతాడు. `UGADI200` ముందు పెడితే 850 అయ్యి, దాని మీద 10 శాతం పోయి 765 అవుతుంది. కనీస విలువనూ శాతాన్నీ రెంటినీ అసలు 1,050 మీదే లెక్కిస్తే 745. ఒకే కార్టు, అవే రెండు కోడ్‌లు, మూడు బిల్లులు. వీటిలో ఏది సరైనదో టెస్టర్ తేల్చేది కాదు, ప్రొడక్ట్ వాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. నన్నడిగితే వస్తువుల అమ్మకం ధర మొత్తంతోనే పోల్చడం మేలు, కస్టమర్‌కి అర్థమయ్యేది అదే. ఏ పద్ధతి పెట్టుకున్నా, కోడ్‌లు టైప్ చేసిన వరుస మారితే బిల్లు మారకూడదు. ఒకసారి ఈ వరుసలో, ఒకసారి ఆ వరుసలో పెట్టి రెండు మొత్తాలూ సమానమేనా అని చూసే టెస్ట్ తప్పనిసరిగా ఉండాలి.

డెలివరీ చార్జీ కూడా ఇక్కడే దూరిపోతుంది. వస్తువులు 960, డెలివరీ 40 అయితే మొత్తం 1,000 కనిపిస్తుంది, కూపన్ మాత్రం రాకూడదు. అంచు విలువలకు 998.99, 999.00 చాలు.

కూపన్ పెట్టాక టవల్ సెట్ తీసేస్తే 600 మిగులుతుంది, తగ్గింపు పోవాలి. స్క్రీన్ మీద పోయిందని ఊరుకోకండి. రెండో ట్యాబ్‌లో కార్టు మార్చి, మొదటి ట్యాబ్‌లోంచి ఆర్డర్ పెట్టండి. ఆర్డర్ సృష్టించేటప్పుడు సర్వర్ మళ్లీ లెక్కించకపోతే ఇక్కడ దొరికిపోతుంది.

దీనికన్నా డబ్బు ఎక్కువ పోయేది రిటర్న్‌లో. కస్టమర్ ఒక్క `UGADI200` వాడి 850 కట్టాడు, తర్వాత టవల్ సెట్ వెనక్కిచ్చాడు. పూర్తి 450 రీఫండ్ ఇస్తే 600 చొక్కా అతనికి 400కే దక్కినట్టు. తగ్గింపును ధరల నిష్పత్తిలో పంచితే టవల్ సెట్ వాటా 85.71, రీఫండ్ 364.29. తర్వాత చొక్కా కూడా ఇచ్చేస్తే 485.71 రావాలి, రెండూ కలిపితే సరిగ్గా 850. సమాన ధరవి మూడు వస్తువులు పెట్టి కూడా చూడండి: 66.67 మూడుసార్లు వేస్తే 200.01 అవుతుంది. ఆఖరి వస్తువుకి మిగిలిన 66.66 ఇవ్వాలి, లేకపోతే ఆ పైసా అకౌంట్స్ రికన్సిలియేషన్‌లో బయటపడుతుంది.

గడువు దగ్గర తప్పులు ఎక్కువగా తేదీని సమయంగా మార్చేచోట, టైమ్ జోన్ దగ్గర వస్తాయి. మార్చి 30 రాత్రి వరకు అని ప్రకటించారనుకోండి. డేటాబేస్‌లో తేదీ మాత్రమే ఉండి అది అర్ధరాత్రి 00:00గా మారితే చివరి రోజంతా కూపన్ పనిచేయదు. యూటీసీలో 23:59:59 అని పెడితే మన సమయం ప్రకారం 31 తెల్లవారుజామున 5:29 దాకా నడుస్తుంది. ముగింపు సరిగ్గా ఇలా ఉండాలి, ఆ క్షణం మాత్రం చెల్లకూడదు:

```
2025-03-31T00:00:00+05:30  =  2025-03-30T18:30:00Z
```

18:29:59కి చెల్లాలి, 18:30:00కి చెల్లకూడదు. దీనికోసం సర్వర్ గడియారం మార్చకండి, టోకెన్లు, సెషన్లు అన్నీ చెదిరిపోతాయి. కోడ్‌లో గడియారాన్ని బయటినుంచి ఇచ్చేలా డెవలపర్‌తో చేయించండి. రాత్రి 11:58కి ఆర్డర్ పెట్టి 12:03కి యూపీఐ పూర్తి చేసిన వాడికి కూపన్ ఇవ్వాలా వద్దా అన్నది కూడా స్పెక్‌లో ఉండాలి. ఆర్డర్ సృష్టించిన సమయాన్నే లెక్కలోకి తీసుకుంటే గొడవలుండవు.

వాడకం పరిమితిని బ్రౌజర్‌లో ఒక్కొక్కటిగా నొక్కి టెస్ట్ చేస్తే ఏమీ తెలియదు. సర్వర్ మొదట వాడకం సంఖ్య చదివి, పరిమితి దాటలేదని చూసి, తర్వాత ఒకటి కలిపి రాస్తే, చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకో రిక్వెస్ట్ దూరుతుంది. పరిమితి 5 పెట్టి, వేర్వేరు యూజర్లతో 20 ఆర్డర్లు జేమీటర్ లాంటి టూల్‌తో ఒకేసారి వదలండి. సరిగ్గా 5 సక్సెస్ కావాలి, `used_count` 5 ఉండాలి, వాడకం టేబుల్‌లో వరుసలూ 5 ఉండాలి. మూడింటినీ చూడాలి, ఎందుకంటే సంఖ్య 5 దగ్గరే ఆగి వరుసలు 7 ఉండే బగ్ కూడా ఉంటుంది. తనిఖీ, పెంపు ఒకే స్టేట్‌మెంట్‌లో ఉంటే ఈ సందు మూసుకుపోతుంది:

```sql
UPDATE coupons SET used_count = used_count + 1
WHERE code = 'UGADI200' AND used_count < max_uses;
```

ఒక్క వరుస కూడా మారకపోతే కూపన్ అయిపోయినట్టు. ఒక యూజర్‌కి ఒక్కసారే అన్న రూలుకి ఇది చాలదు, వాడకం టేబుల్‌లో కూపన్, యూజర్ జతపై యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉండాలి. ఒకే అకౌంట్‌తో ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి ఆర్డర్ నొక్కితే అది ఉందో లేదో తెలిసిపోతుంది.

పేమెంట్ ఫెయిలైతే వాడకం వెనక్కి రావాలి, అదీ ఒక్కసారే. పేమెంట్ గేట్‌వేలు ఒకే వెబ్‌హుక్‌ని రెండుసార్లు పంపడం మామూలే. ఫెయిల్ వెబ్‌హుక్‌ని రెండుసార్లు పంపి చూడండి. `used_count` రెండు తగ్గితే పరిమితికి మించి ఒక కూపన్ బయటికి వెళ్లినట్టే. ఇంకో కేసు కాస్త చిక్కుది: పేమెంట్ టైమౌట్ అయ్యి కూపన్ విడుదలైంది, ఆ చివరి కూపన్‌ని ఇంకొకరు వాడేశారు, అప్పుడు మొదటి వాడి యూపీఐ సక్సెస్ అని వచ్చింది. డబ్బు తీసుకున్నాం కనుక తగ్గింపు నిలబెట్టి పరిమితి ఒకటి దాటనివ్వడమో, ఆర్డర్ రద్దు చేసి పూర్తి రీఫండ్ ఇవ్వడమో చేయాలి. మిగతా 200 కట్టమని కస్టమర్‌కి మెసేజ్ వెళ్తే మాత్రం అది బగ్‌గా రాయండి.