ఆఫర్ లెటర్‌లో 84,200 ఉంది, లెక్కలోకి తీసుకోవాల్సింది ఎంత?

*నమస్తే అండీ. నాకు దుబాయ్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో తొలి ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు 1న చేరమన్నారు. ఆఫర్ లెటర్ ఫోన్‌తో ఫొటో తీసి పంపుతున్నాను. ఏడాదికి 84,200 దిర్హాముల ప్యాకేజీ అని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు. ప్రొబేషన్, నోటీస్ పీరియడ్, బోనస్ గురించి రాసిన పేరాలు నాకు సరిగ్గా అర్థం కాలేదు. నాన్న ఆ 84,200 చూసుకునే అప్పు తీర్చే లెక్క వేస్తున్నారు. సంతకం పెట్టేయమంటారా?*

ఇప్పుడే పెట్టకండి. ముందు లెటర్ మొత్తం పీడీఎఫ్‌గా పంపమని హెచ్‌ఆర్‌ని అడగండి. మీరు పంపిన ఫొటోలు మూడే ఉన్నాయి. అడుగున ఉన్న నంబర్లు చూస్తే లెటర్ నాలుగు పేజీలది, మూడో పేజీ రాలేదు. బోనస్ పేరా చివర "మిగతా షరతులు అనుబంధంలో" అని ఉంది. ఆ అనుబంధం బహుశా రాని పేజీలోనే ఉంటుంది. కాగితం మడత పడిన చోట నోటీసు గడువు మొదట నాకు 60లా కనిపించింది. పక్కనే అక్షరాల్లో తొంభై అని ఉండబట్టి సరిపోయింది. ఫొటోలో అంకె చూసి నిర్ణయం తీసుకోకండి, దాని పక్కన అక్షరాల్లో ఏముందో చూడండి. ఇకమీదట ఎవరికి పంపినా పాస్‌పోర్ట్ నంబరు కనపడకుండా చేసి పంపండి.

ఇక ఆ 84,200 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మూల వేతనం 3,600, ఇంటి అలవెన్సు 1,500, రవాణాకు 900, కలిపి నెలకు 6,000 దిర్హాములు. ఏడాదికి 72,000. దానికి చేరేటప్పుడు ఇచ్చే జాయినింగ్ బోనస్ 5,000 కలిపారు. వార్షిక బోనస్ "గరిష్ఠంగా రెండు నెలల మూల వేతనం" అన్నారు కాబట్టి 7,200 కలిపారు. ఈ మూడింటిలో ఖాయమైన ఆదాయం మొదటిది ఒక్కటే. జాయినింగ్ బోనస్ షరతు మీద మీ దగ్గర ఉంచిన డబ్బు. వార్షిక బోనస్ మొదటి ఏడాది మీకు రాదు. ఎందుకో చెబుతాను.

మీకు ప్రొబేషన్ ఆరు నెలలు. సెప్టెంబరు 1న చేరితే ఫిబ్రవరి ఆఖరు దాకా. బోనస్ పేరాలో మూడు ముక్కలున్నాయి: లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు, అర్హత డిసెంబరు 31 నాటికి ప్రొబేషన్ పూర్తయినవాళ్లకు, చెల్లింపు మార్చిలో. డిసెంబరు 31న మీరింకా ప్రొబేషన్‌లోనే ఉంటారు. అంటే వచ్చే మార్చిలో మీకేమీ లేదు. మీ మొదటి బోనస్ ఆ పై మార్చిలో, చేరిన దాదాపు పద్దెనిమిది నెలలకు. ప్రొబేషన్ పేరా విడిగా, బోనస్ పేరా విడిగా చదివితే ఈ సంగతి బయటపడదు. క్యాలెండర్ ముందు పెట్టుకుని రెండూ దాని మీద గుర్తు పెడితేనే తెలుస్తుంది.

అప్పుడైనా 7,200 వస్తుందన్న హామీ లేదు. పేరాలో "కంపెనీ సంపూర్ణ విచక్షణ మేరకు" అన్న మాట ఉంది. ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది కంపెనీ ఇష్టం అని దాని అర్థం. యూఏఈ కార్మిక చట్టం ఏటా బోనస్ ఇచ్చి తీరాలని ఎక్కడా చెప్పదు, కాబట్టి మీకున్న ఆధారమల్లా కాగితంలోని మాటే. "ఫలానా లక్ష్యం చేరుకుంటే ఇంత శాతం చెల్లిస్తాం" అని ఉంటే అడిగే హక్కు ఉంటుంది. "గరిష్ఠంగా", "విచక్షణ" అన్న మాటలుంటే ఆ హక్కు చాలా పలచన. ఈ మాటలు మార్చమని కొత్తగా చేరేవాళ్లు అడిగినా కంపెనీలు సాధారణంగా మార్చవు. కాబట్టి అక్కడ పట్టు పట్టకండి, ఇంటి లెక్కల్లోంచి ఆ అంకె తీసేయండి.

పట్టు పట్టాల్సిన చోటు జాయినింగ్ బోనస్. లెటర్‌లో "పన్నెండు నెలల్లోపు ఏ కారణంతో ఉద్యోగం ముగిసినా పూర్తి మొత్తం తిరిగి చెల్లించాలి" అని ఉంది. ఏ కారణంతోనైనా అంటే, ప్రొబేషన్‌లో కంపెనీయే మిమ్మల్ని వద్దనుకున్నా ఆ 5,000 మీరే కట్టాలి. ఉద్యోగం పోయి, తిరుగు ప్రయాణానికి సర్దుకుంటున్న నెలలో అది చిన్న మొత్తం కాదు. రెండు మార్పులు అడగండి. "ఏ కారణంతోనైనా" అన్నచోట "ఉద్యోగి స్వయంగా రాజీనామా చేస్తే" అని రాయాలి. "పూర్తి మొత్తం" అన్నచోట "మిగిలిన నెలల మేరకు" అని ఉండాలి. అప్పుడు తొమ్మిది నెలలు పనిచేసి మానేస్తే మీరు కట్టాల్సింది పన్నెండింట మూడు వంతులు, అంటే 1,250. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి లెటర్లలో హెచ్‌ఆర్ వాళ్లు పెద్దగా వాదించకుండా ఒప్పుకున్న మార్పు ఇదే.

ప్రొబేషన్ పేరాలో రెండు మాటలు చట్టంతో పొసగడం లేదు. యూఏఈలో ఇప్పుడు నడుస్తున్నది 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ చట్టం, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. మీ లెటర్‌లో "అవసరమైతే మరో మూడు నెలలు పొడిగించవచ్చు" అని ఉంది. ఆరు నెలలూ ముందే రాసేశారు కాబట్టి ఆ పొడిగింపు చెల్లదు. అలాగే ప్రొబేషన్‌లో ఏడు రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని రాశారు. చట్టం ప్రకారం కంపెనీ మిమ్మల్ని తీసేయాలన్నా కనీసం పద్నాలుగు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. లెటర్‌లో తక్కువ రాసినంత మాత్రాన చట్టం ఇచ్చినది తగ్గదు.

మీ వైపు నుంచి మాత్రం ఆ ఏడు రోజుల మాట నమ్ముకోకండి. ప్రొబేషన్‌లో మానేసి యూఏఈలోనే వేరే కంపెనీకి వెళ్లాలంటే చట్టం అడిగేది నెల రోజుల నోటీసు. దేశం వదిలి వచ్చేయాలంటే పద్నాలుగు రోజులు. నోటీసు ఇవ్వకుండా విమానం ఎక్కేస్తే ఆ తేదీ నుంచి ఏడాది పాటు అక్కడ కొత్త వర్క్ పర్మిట్ ఇవ్వరు. ఏడు రోజులు చాలనుకుని వచ్చేసి, తర్వాత మంచి అవకాశం వచ్చినా వెళ్లలేకపోయిన కుర్రాడు ఒకరు నా దగ్గరికి వచ్చారు. ఆ బాధ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంకో మాట: వీసా ఖర్చు, నియామకం ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తామని మూడో పేజీలో ఉంటే ఒప్పుకోకండి. ఆ ఖర్చులు ఉద్యోగి మీద వేయడాన్ని చట్టం నిషేధించింది. ప్రొబేషన్ మధ్యలో మీరు కంపెనీ మారినా, నియామకం ఖర్చు పాత కంపెనీకి ఇవ్వాల్సింది కొత్త కంపెనీ, మీరు కాదు.

నోటీస్ పీరియడ్ విషయానికొస్తే, ప్రొబేషన్ తర్వాత అది 30 నుంచి 90 రోజుల మధ్య ఉండొచ్చు. మీకు 90 రాశారు, చట్టబద్ధమే. చూడగానే భారంగా అనిపిస్తుంది కానీ అది ఇరువైపులకూ వర్తిస్తుంది. కంపెనీ మిమ్మల్ని వద్దనుకుంటే మూడు నెలల జీతం లేదా మూడు నెలల పని మీకు దక్కుతుంది. ఇంటి మీద అప్పు ఉన్నవాళ్లకు అది మంచి రక్షణ. దీన్ని తగ్గించమని నేనైతే అడగను. అయితే నోటీసు ఇచ్చి పూర్తి చేయకుండా మధ్యలో వెళ్లిపోతే మిగిలిన రోజుల జీతం మీరు పరిహారంగా కట్టాలి. ముప్పై రోజులు చేసి వెళ్లిపోతే అరవై రోజులకు 12,000 దిర్హాములు.

ఇప్పుడు ఈ పేరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎలా పడతాయో చూడండి. చేరిన ఎనిమిది నెలలకు, ఏప్రిల్ ఆఖరులో, మీకు వేరేచోట ఇంకా మంచి ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఆ రోజే రాజీనామా ఇస్తే తొంభై రోజులు జూలై ఆఖరుకు పూర్తవుతాయి. అప్పటికి మీ సర్వీసు పదకొండు నెలలు. పన్నెండు నిండలేదు కాబట్టి, ఇప్పుడున్న షరతు ప్రకారం, 5,000 తిరిగి కట్టాలి. గ్రాట్యుటీ కూడా పోతుంది. అక్కడ ఏడాది సర్వీసు నిండితేనే గ్రాట్యుటీ, మొదటి అయిదేళ్లూ ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున. మీ లెక్కన 2,520. అదే రాజీనామా జూన్ 5న ఇస్తే చివరి రోజు సెప్టెంబరు మొదటి వారంలోకి వెళ్తుంది, రెండూ మీవే. అయిదు వారాల తేడాకు 7,520 దిర్హాములు. కొత్త కంపెనీని ఆ కాస్త ఆగమని అడిగితే సరిపోతుంది.

మార్చి బోనస్ దగ్గరా ఇదే సమస్య. చెల్లించే రోజున "నోటీసులో లేని ఉద్యోగులకే" అని ఉంది. రెండో ఏడాది తర్వాత జనవరిలో రాజీనామా ఇస్తే మార్చి నాటికి మీరింకా నోటీసులోనే ఉంటారు. పని మొత్తం చేసినా బోనస్ చేతికి రాదు. డబ్బు ఖాతాలో పడ్డాకే రాజీనామా ఇవ్వండి.

సంతకానికి ముందు ఇంకొకటి సరిచూడండి. వర్క్ పర్మిట్ కోసం కంపెనీ మీ చేత మానవ వనరుల మంత్రిత్వ శాఖ ఆఫర్ ఫారం మీద కూడా సంతకం చేయిస్తుంది. మూల వేతనం, అలవెన్సులు, ప్రొబేషన్, నోటీసు అందులోనూ ఇవే అంకెలతో ఉండాలి. గొడవ వస్తే ముందు చూసేది మంత్రిత్వ శాఖలో నమోదైన కాగితమే. జాయినింగ్ బోనస్ అందులో లేకపోతే అనుబంధంగా చేర్చమని అడగండి. కంపెనీ ఏదైనా ఫ్రీ జోన్‌లో, అంటే వ్యాపారాల కోసం విడిగా ఏర్పాటు చేసిన ప్రత్యేక ప్రాంతంలో ఉంటే ఒప్పందం ఆ జోన్ అధికారుల దగ్గర నమోదవుతుంది, ఈ చట్టమే వర్తిస్తుంది. దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్, అబుదాబి గ్లోబల్ మార్కెట్ మాత్రం వేరు, వాటికి సొంత ఉద్యోగ చట్టాలున్నాయి. మీ కంపెనీ చిరునామా ఆ రెండింటిలో లేదని లెటర్‌హెడ్ చూస్తే తెలుస్తోంది.

నాన్నగారికి నెలకు 6,000 అని చెప్పండి. అక్కడి అద్దె, తిండి, ప్రయాణం పోను మిగిలిన దానిలోంచే అప్పు కిస్తీ లెక్క వేయమనండి. జాయినింగ్ బోనస్ 5,000 వచ్చిన రోజే వేరే ఖాతాలో వేసి, వచ్చే ఏడాది ఆగస్టు 31 దాటే దాకా ముట్టుకోకండి. మూడో పేజీ అందాక నాకూ పంపండి, అనుబంధం చదివి మిగతాది చెబుతాను.