లేని క్లచ్ కోసం వెతికిన కాలు

ప్రశ్న: నిన్న జరిగిన విషయం కలలోకి వస్తే, దానితోపాటు ఎప్పటివో పాత మనుషులు, వస్తువులు ఎందుకు కలిసిపోతాయి?

పదిహేనేళ్లు గేర్ల కారు నడిపి ఆటోమేటిక్ కారుకు మారిన మొదటి రోజున, లేని క్లచ్ కోసం నా ఎడమ కాలు సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంది. ఒకసారి అది బ్రేకు మీద పడి, వెనక కూర్చున్నవాళ్లు ముందుకు తూలిపడ్డారు. ఆ రాత్రి కలలో నేను కూర్చున్నది కొత్త కారు సీటులోనే గానీ, కాళ్ల కింద ఉన్నవి నా చిన్ననాటి సైకిలు పెడళ్లు. గొలుసు ఊడిపోవడంతో ఎంత తొక్కినా బండి కదలలేదు. పక్కన మా అన్నయ్య పదేళ్ల పిల్లవాడిగా నిలబడి నవ్వుతున్నాడు. ఇది వాహన గండానికి సూచన అని ఇంట్లో ఒకరు తేల్చేశారు. ప్రతి కలకూ ఒక గండం సిద్ధంగా ఉంచుకునేవారితో వాదించడం నేను ఎప్పుడో మానుకున్నాను.

నా దృష్టిలో ఆ రాత్రి జరిగింది సర్దుబాటు. కొత్త అనుభవాన్ని మెదడు లోపల జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం ఒక్కసారికే పట్టుకుంటుంది. మెదడు పైపొర అయిన కార్టెక్స్ మాత్రం నిదానంగా నేర్చుకుంటుంది. కొత్తదాన్ని అక్కడ ఒక్కసారిగా రాస్తే పాతవి చెరిగిపోతాయి కనుక, పాతవాటితో కలుపుతూ కొద్దికొద్దిగా చేర్చవలసి ఉంటుందని మెక్లెలాండ్, మెక్‌నాటన్, ఓరైలీ అనే శాస్త్రవేత్తలు 1995లో ప్రతిపాదించారు. అంతకు ముందు ఏడాదే, ఎలుకలు తిరుగుతున్నప్పుడు కలిసి స్పందించిన హిప్పోకాంపస్ కణాలు ఆ తరువాతి గాఢనిద్రలోనూ కలిసి స్పందించడాన్ని విల్సన్, మెక్‌నాటన్ చూపించారు.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది 2000లో స్టిక్‌గోల్డ్ బృందం టెట్రిస్ అనే వీడియో ఆటతో చేసిన ప్రయోగం. మూడు రోజుల్లో ఏడు గంటలు ఆడినవారిని కునుకు పట్టే వేళ కదిపి అడిగితే, చాలామంది పైనుంచి పడే ముక్కలు కనిపించాయన్నారు. ఆటలో ఆరితేరినవారిలో కొందరికి ఆనాటి ముక్కలు కాక, ఏళ్ల క్రితం ఆడిన పాత టెట్రిస్ రూపాలు కనిపించాయి. కొత్త ఆట తన పోలిక ఉన్న పాత జ్ఞాపకాన్ని తట్టి లేపిందన్నమాట, నా కొత్త బ్రేకు పాత సైకిలు పెడలును లేపినట్లే. హిప్పోకాంపస్ ప్రాంతం దెబ్బతిని, తాము ఆట ఆడిన సంగతే గుర్తులేని ఐదుగురిలో ముగ్గురికి కూడా ఆ ముక్కలు కనిపించాయి. అంటే ఆ దృశ్యాలకు హిప్పోకాంపస్ తప్పనిసరి కాదు.

జరిగినది జరిగినట్లు కలలోకి రాకపోవడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం. 2003లో ఫాస్సే బృందం 29 మంది నుంచి సేకరించిన 299 కలల వివరాల్లో సుమారు 65 శాతంలో మెలకువలోని విషయాల జాడ ఉన్నా, స్థలంతో, మనుషులతో సహా ఒక సంఘటన యథాతథంగా తిరిగి వచ్చినవి ఒకటి రెండు శాతమే.

ఎలుక కణాల స్పందనకూ మన కలకూ మధ్య వంతెన ఇంకా ఊహేనని ఒప్పుకుంటాను. ఎలుకను లేపి ఏం కల వచ్చిందని అడగలేము. మనిషి చెప్పేది కూడా లేచాక మిగిలినదే. అన్నయ్య నవ్వడం కలలో నిజంగా ఉందో, నలుగురికీ చెప్పేటప్పుడు నేనే చేర్చానో ఇప్పుడు నాకే తెలియదు.