క్విక్ రేషియో 4 అంటే ఆదాయం నాలుగు రెట్లయినట్టా?

సందేహం: చందా పద్ధతిలో నడిచే సాఫ్ట్‌వేర్ సంస్థ మాది. నెలవారీ నివేదికను తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. "క్విక్ రేషియో 4" అన్నదాన్ని "ఈ నెల ఆదాయం నాలుగు రెట్లు పెరిగింది" అని, "ఏఆర్‌పీయూ 509" అన్నదాన్ని "వినియోగదారుల సగటు ఆదాయం 509" అని రాశాను. లెక్కలు చూసే ఆయన రెండూ తప్పే అంటున్నారు. తప్పు వాక్యంలో ఉందా, లెక్కలో ఉందా?

సమాధానం: ఆయన మాటే నిజం. వాక్యాలు రెండూ తప్పే. లెక్క సంగతి మాత్రం మీ పట్టికలో ఏయే అంకెలు కలిపారో చూస్తే గానీ చెప్పలేం. అందుకే ముందు లెక్క చేసి చూపిస్తాను, వాక్యం దాని వెంటే వస్తుంది.

ఒక నెల మొదట్లో సంస్థకు నెలవారీ చందాల మీద వచ్చే ఆదాయం 1,00,000 అనుకుందాం. చందాదారులు 200 మంది. ఆ నెలలో కొత్తగా 30 మంది చేరారు, వాళ్ల చందాలు కలిపి 12,000. పాతవాళ్లలో కొందరు పెద్ద ప్లాన్‌కు మారారు, దాంతో 4,000 పెరిగింది. పదిమంది మానేశారు, వాళ్లతో పాటు 3,000 పోయింది. ఇంకొందరు మానలేదు గానీ చిన్న ప్లాన్‌కు దిగారు, అక్కడ 1,000 తగ్గింది.

క్విక్ రేషియో అంటే ఆ నెలలో వచ్చి చేరిన ఆదాయాన్ని ఆ నెలలో పోయిన ఆదాయంతో భాగించడం. చేరింది 12,000, 4,000 కలిపి 16,000. పోయింది 3,000, 1,000 కలిపి 4,000. భాగిస్తే 4. ఈ భాగహారంలో నెల మొదటి 1,00,000 ఎక్కడా కనబడదు. మీ మొదటి వాక్యం తప్పు కావడానికి అసలు కారణం ఇదే. మొత్తం ఆదాయం 1,00,000 నుంచి 1,12,000 అయింది, అంటే 12 శాతం పెరిగింది. "నాలుగు రెట్లు పెరిగింది" అని చదివినవాళ్లు మీ ఆదాయం లక్ష నుంచి ఏ నాలుగు లక్షలకో చేరిందనుకుంటారు.

తెలుగులో "రెట్లు" అన్న మాట ఎప్పుడూ "దేనికి?" అన్న ప్రశ్నకు జవాబు అడుగుతుంది. ఆ జవాబు వాక్యంలో లేకపోతే చదివేవాళ్లు తమకు తోచింది పెట్టుకుంటారు, ఎక్కువగా అది "నిరుటికి" లేదా "పోయిన నెలకు" అవుతుంది. కాబట్టి ఇలా రాయండి: "ఈ నెల కొత్తగా చేరిన ఆదాయం, పోయిన ఆదాయానికి నాలుగు రెట్లు ఉంది." ఇక్కడ "పెరిగింది" అన్న క్రియే అక్కర్లేదు. కావాలనుకుంటే దాని పక్కనే "మొత్తం ఆదాయం 12 శాతం పెరిగింది" అని వేరే వాక్యం పెట్టండి. ఎందుకంటే 1,600 చేరి 400 పోయిన నెలకు కూడా క్విక్ రేషియో 4 వస్తుంది, కానీ అదే లక్ష మీద పెరుగుదల 1.2 శాతమే. ఈ నిష్పత్తి ఎదుగుదల ఎంత ఖర్చుతో నిలబడుతోందో, అంటే ఎంత పోగొట్టుకుని ఎంత తెచ్చుకుంటున్నామో చెబుతుంది. ఎదుగుదల పరిమాణాన్ని చెప్పదు.

ఈ కొలతను బాగా ప్రచారంలోకి తెచ్చినవారు వెంచర్ పెట్టుబడిదారు మమూన్ హమీద్. 4 దాటితే బాగున్నట్టు అన్న గీత కూడా ఆయన పెట్టిందే. చాలామంది నివేదికల్లో ఆ 4 ను పాస్ మార్కులా వాడతారు. నేనైతే ఆ గీతను సంస్థ వయసుతో కలిపి చదవమంటాను. నెలకు 4 శాతం ఆదాయం పోయే సంస్థను తీసుకోండి. లక్ష ఆదాయం ఉన్నప్పుడు పోయేది 4,000, గీత అందుకోవడానికి 16,000 తేవాలి. ఆదాయం పది లక్షలయ్యాక అదే 4 శాతం 40,000 అవుతుంది, ఇప్పుడు నెలకు 1,60,000 తేవాలి. పోయేవాళ్ల శాతం మారకపోయినా గీత పైపైకి జరుగుతున్నట్టే. నిన్నగాక మొన్న పెట్టిన సంస్థకు పోవడానికి పెద్దగా ఎవరూ ఉండరు కాబట్టి పెద్ద నిష్పత్తి తేలిగ్గానే వస్తుంది.

ఇక మీ లెక్కలో తప్పు దొర్లే చోటు ఒకటుంది. చిన్న ప్లాన్‌కు దిగినవాళ్ల 1,000 ను ఎక్కడ పెట్టారన్నది చూసుకోండి. కొన్ని పట్టికల్లో కొత్త ఆదాయం, పెరిగిన ఆదాయం, పోయిన ఆదాయం అని మూడే గడులుంటాయి. "పోయిన" అంటే పూర్తిగా మానేసినవాళ్లదే అని అర్థం చేసుకుని ఆ 1,000 ను వదిలేస్తే 16,000 ను 3,000 తో భాగిస్తారు, 5.33 వస్తుంది. ఇంకొందరు ఆ 1,000 ను పెరిగిన 4,000 లోంచి తీసేసి 3,000 అని రాస్తారు. అప్పుడు పైన 15,000, కింద 3,000, జవాబు 5. తగ్గుదలను కింద పెడితే 4. నెల ఒకటే, చందాదారులు వాళ్లే, జవాబులు మూడు. ఈ మూడింట్లో 4 వచ్చే పద్ధతే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే పోయింది పోయినట్టు కనబడాలి. ప్లాన్ దిగడమన్నది మానేయబోయే ముందు కొందరు వేసే అడుగు, దాన్ని పెరుగుదలలో కలిపి మాయం చేస్తే ముందుగా తెలియాల్సిన సంగతి తెలియకుండా పోతుంది. మీ నివేదికలో "పోయిన ఆదాయం (మానేసినవి, తగ్గించుకున్నవి కలిపి)" అని ఒక్కసారి రాసి పెట్టండి, ఆ తర్వాత ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో జాగ్రత్త. ఏడాది చందా ఒకేసారి కట్టినవాళ్ల డబ్బును కట్టిన నెలలోనే వేసేయకుండా పన్నెండుతో భాగించి నెలవారీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కసారి తీసుకునే సెటప్ ఫీజు అసలు రాకూడదు. ఇవి కలిశాయంటే కొత్త ఆదాయం ఉబ్బి నిష్పత్తి గొప్పగా కనబడుతుంది.

రెండో వాక్యానికి వస్తే, "వినియోగదారుల సగటు ఆదాయం" అంటే తెలుగులో వినియోగదారులు సంపాదించుకునే ఆదాయమనే అర్థం వస్తుంది. రైతుల ఆదాయం, ఉద్యోగుల ఆదాయం అంటామే, అలాగన్నమాట. ఏఆర్‌పీయూ అంటే ఒక్కో వినియోగదారు నుంచి సంస్థకు వచ్చే సగటు ఆదాయం. ఆ "నుంచి" లేకపోతే డబ్బు ఎటు వెళుతోందో తలకిందులవుతుంది. "తలసరి ఆదాయం" అన్నా ఇదే చిక్కు. "ఒక్కో చందాదారు నుంచి నెలకు సగటున 509 వస్తోంది" అని రాస్తే సరిపోతుంది. నేను ఇక్కడ అంకెలే ఇస్తున్నాను గానీ మీరు మాత్రం ఏ డబ్బో, ఎంత కాలానికో తప్పక రాయాలి. క్విక్ రేషియో డబ్బును డబ్బుతో భాగించింది కాబట్టి దానికి ప్రమాణం అక్కర్లేదు. దీనికి కావాలి.

509 ఎలా వచ్చిందో చూద్దాం. నెలాఖరుకు ఆదాయం 1,12,000. చందాదారులు 200 కి 30 కలిపి, 10 తీసేస్తే 220. భాగిస్తే 509. నెల మొదట్లో ఇది 500 ఉండేది. అంటే తొమ్మిది పెరిగింది. దీన్ని చూసి "కొత్తవాళ్లు ఎక్కువ కడుతున్నారు" అని రాశారంటే మళ్లీ తప్పే. కొత్త 30 మంది నుంచి వచ్చింది 12,000, అంటే మనిషికి 400. పాత సగటు 500 కంటే వీళ్లు తక్కువే. సగటును పైకి లాగినవి పాతవాళ్లు ప్లాన్ పెంచుకోవడం, సగటున 300 మాత్రమే కట్టే పదిమంది మానేయడం. ఆ 4,000 లేకపోతే 1,08,000 ను 220 తో భాగించాల్సి వచ్చేది, సగటు 491 కి పడేది. కాబట్టి కొత్తవాళ్ల సగటును విడిగా ఒక వరుసలో చూపించండి.

భాగించే సంఖ్య విషయంలోనూ మాట ఒకటే ఉండాలి. టెలికాం సంస్థల్లో ఏఆర్‌పీయూను ఆ కాలంలో వచ్చిన ఆదాయాన్ని ఆ కాలపు సగటు చందాదారులతో భాగించి చెప్పడం అలవాటు. మీది నెలాఖరు నాటి చందా ఆదాయం కాబట్టి నెలాఖరు నాటి సంఖ్యతోనే భాగించండి. ఉచిత ట్రయల్‌లో ఉన్నవాళ్లను లెక్కలోకి తేవద్దు. ఒకే ఖాతా కింద ఇరవై మంది వాడుతున్నట్టయితే "చందాదారు" అంటే ఖాతానా, మనిషా అన్నది కూడా తేల్చి రాయాలి.

ఈ రెండు అంకెలనూ విడివిడిగా చదివితే ఎంత మోసపోతామో తర్వాతి నెల చూపిస్తుంది. చిన్న ప్లాన్‌లో ఉన్న 40 మంది మానేశారు, 10,000 పోయింది. కొత్తగా అయిదుగురు చేరి 2,000 వచ్చింది, పాతవాళ్ల మీద 500 పెరిగింది. ఆదాయం 1,04,500 కి పడింది, చందాదారులు 185 మంది మిగిలారు. ఏఆర్‌పీయూ మాత్రం 565! పోయినవాళ్లు తక్కువ కట్టేవాళ్లు కావడంతో మిగిలినవాళ్ల సగటు దానంతటదే లేచింది. ఎవరూ కొత్తగా ఎక్కువేం కట్టలేదు, ఆ 500 తప్ప. ఆ నెల క్విక్ రేషియో 2,500 ను 10,000 తో భాగిస్తే 0.25. ఒకటి కంటే తగ్గిందంటే సంస్థ కుంచించుకుపోతోందనే. ఇలాంటి నెలలో "ఒక్కో చందాదారు నుంచి వచ్చే ఆదాయం 565 కి పెరిగింది" అన్న వాక్యాన్ని ఒంటరిగా వదలకండి. "తక్కువ చందా కట్టే 40 మంది వెళ్లిపోవడంతో సగటు 565 కి చేరింది" అని కారణంతో సహా రాయండి.

రెండు నెలలకు కలిపి ఒకే నిష్పత్తి ఇవ్వాల్సి వస్తే 4 ను, 0.25 ను కూడి సగం చేయకండి. అలా చేస్తే 2.1 వస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. రెండు నెలల్లో చేరింది 18,500, పోయింది 14,000, అసలు జవాబు 1.3. చిన్న సంస్థల్లో ఒక్క పెద్ద ఖాతా పోయినా నెల నిష్పత్తి కిందా మీదా అవుతుంది కాబట్టి మూడు నెలల మొత్తాల మీద చెప్పడం మేలు. ఏ నెలలోనైనా ఎవరూ మానకుండా, ఎవరూ తగ్గించుకోకుండా ఉంటే సున్నాతో భాగించలేం. అప్పుడు ఆ గడిలో సున్నా గానీ "అనంతం" అని గానీ రాయకుండా గీత పెట్టి, పక్కన "ఈ నెల పోయిన ఆదాయం లేదు" అని రాయండి.