పాత మేనేజర్‌కి రెఫరెన్స్ మెయిల్ ఎలా రాయాలి?

"సార్, రెఫరెన్స్ ఇస్తారా?" అని మెసేజ్ పెడితే "చూద్దాం" అన్నారు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మెయిల్ ఎలా రాయాలి?

ఆయన ఫోన్‌లో మాట్లాడాలా, లెటర్ రాయాలా, ఎప్పటికి? మీ మెసేజ్‌లో ఇవేవీ లేవు. అందుకే పక్కన పెట్టేసి ఉంటారు. ఇలా రాయండి:

"నమస్తే సార్. 2021 నుంచి 2023 వరకు మీ బిల్లింగ్ టీమ్‌లో పనిచేశాను. ఇప్పుడు టీమ్ లీడ్ ఉద్యోగానికి చివరి రౌండ్‌లో ఉన్నాను. వచ్చే వారం వాళ్ల హెచ్‌ఆర్ ఫోన్ చేస్తే పది నిమిషాలు మాట్లాడగలరా? పాత బకాయిల లెక్కలు సరిచేసిన పని గురించి చెబితే చాలు. గురువారంలోగా అవునో కాదో చెప్పండి. వీలుకాకపోతే మొహమాటపడకండి."

ఆ చివరి వాక్యం తీసేయకండి. మొహమాటానికి ఒప్పుకున్నవాళ్లు ఫోన్‌లో ముభావంగా మాట్లాడితే అసలుకే మోసం. ఆయన సరేనన్నాకే నంబర్ హెచ్‌ఆర్‌కి ఇవ్వండి.